రీఫండ్ పంపేశామంటున్నారు, ఖాతాలో మాత్రం లేదు: ఎన్ని రోజులు ఆగాలి, బ్యాంకుకు ఎప్పుడు వెళ్లాలి

ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. వస్తువు తిరిగి ఇచ్చేశాం, యాప్‌లో రీఫండ్ అయిపోయిందని పచ్చ టిక్కు కూడా కనిపిస్తోంది, బ్యాంకు ఖాతాలో మాత్రం రూపాయి పడలేదు. షాపింగ్ యాప్ వాళ్లేమో మీ బ్యాంకును అడగండి అంటారు, బ్యాంకు వాళ్లేమో మాకేమీ రాలేదు, అమ్మినవాళ్లనే అడగండి అంటారు. మధ్యలో నలిగిపోయేది మనం.

ఇందులోంచి బయటపడాలంటే ఒక్క విషయం తేల్చుకోవాలి: ఈ క్షణాన ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంది? అమ్మినవాళ్ల దగ్గరా, మధ్యలో డబ్బు చేరవేసే పేమెంట్ గేట్‌వే దగ్గరా, మన బ్యాంకు దగ్గరా? అది తెలియకుండా పది ఫోన్లు చేసినా పని జరగదు, తెలిశాక ఒక్క మెయిల్ చాలు.

## 1. ముందు మీ కేసు ఏదో చూసుకోండి

బయటికి ఒకేలా కనిపించే కేసులు నిజానికి మూడు రకాలు. మూడింటికీ దారులు వేరు.

మొదటిది: డబ్బు కట్ అయింది, ఆర్డర్ మాత్రం పడలేదు. ఇది రీఫండ్ కాదు, ఫెయిలైన లావాదేవీ. దీనికి రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది, ఆలస్యానికి పరిహారం కూడా ఉంది.

రెండోది: ఆర్డర్ పడింది, వస్తువు రాకముందే క్యాన్సిల్ చేశారు.

మూడోది: వస్తువు వచ్చింది, నచ్చకో పాడైపోయో తిరిగి ఇచ్చేశారు.

రెండు, మూడు రకాల్లో ముందు అమ్మినవాళ్లు డబ్బు వదలాలి. వాళ్లు వదలనంతవరకూ బ్యాంకు బ్రాంచికి వెళ్లి కూర్చున్నా ఉపయోగం లేదు, ఎందుకంటే బ్యాంకు వాళ్ల సిస్టంలో నిజంగానే ఏమీ కనబడదు.

## 2. డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు: నేరుగా బ్యాంకే

2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు పోయి, అమ్మినవాళ్ల వైపు కన్ఫర్మేషన్ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. షాపులకు, యాప్‌లకు యూపీఐతో కట్టినప్పుడు కూడా ఇదే 5 రోజుల లెక్క. ఇవి క్యాలెండర్ రోజులు, సెలవులు తీసేయక్కర్లేదు.

ఆ గడువు దాటితే ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఉదాహరణకు 3వ తేదీన డబ్బు కట్ అయితే 8వ తేదీలోపు రావాలి. 11వ తేదీన వచ్చిందనుకోండి, మూడు రోజుల ఆలస్యానికి 300 రూపాయలు అదనంగా పడాలి. మనం అడగకుండానే వేయాలన్నది నిబంధన. పడకపోతే అడగండి, అది మీ హక్కు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ రోజుకు వంద రూపాయల పరిహారం వస్తువు తిరిగి ఇచ్చిన రీఫండ్‌కు వర్తించదు. రిటర్న్ డబ్బు ఆలస్యమైందని ఈ రూలు పట్టుకుని బ్యాంకుతో గొడవపడితే మీ మాటకున్న బలం పోతుంది.

ఒక జాగ్రత్త. డబ్బు కట్ అయి ఆర్డర్ కనబడకపోతే కంగారులో వెంటనే రెండోసారి కట్టేయకండి. ఒక పదిహేను నిమిషాలాగి ఆర్డర్ల పేజీ మళ్లీ చూడండి. కొన్నిసార్లు కన్ఫర్మేషన్ ఆలస్యంగా వచ్చి ఆ ఆర్డరే పడుతుంది, అప్పుడు ఒకే వస్తువు రెండు వస్తుంది.

## 3. రిటర్న్ ఇచ్చే ముందే చేసి పెట్టుకోవాల్సినవి

రీఫండ్ గొడవలో గెలిచేదీ ఓడేదీ ఈ దశలోనే. తర్వాత కావాలంటే చాలా ఆధారాలు దొరకవు.

- వస్తువును, దాని మీది సీరియల్ నంబరును, ప్యాక్ చేసిన డబ్బాను ఫొటో తీయండి.
- తీసుకెళ్లే కుర్రాడు వచ్చినప్పుడు పికప్ అయినట్టు మెసేజ్ మీ ఫోన్‌కు వచ్చేదాకా డబ్బా ఇవ్వకండి. ‘తర్వాత అప్‌డేట్ చేస్తానండీ’ అంటే ఒప్పుకోవద్దు.
- ఏ కార్డుతో, ఏ ఖాతాతో కట్టారో ఆర్డర్ వివరాల్లో చూసి చివరి నాలుగు అంకెలు రాసిపెట్టుకోండి.
- ఎంత కట్టారన్నది కాదు, దేని నుంచి ఎంత కట్టారో చూడండి.

ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ, రీఫండ్ రాలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి డబ్బు వచ్చేసే ఉంది. 2,499 రూపాయల చీరకు వాలెట్‌లో ఉన్న 300 పోను మిగతా 2,199 కార్డుతో కట్టి ఉంటారు. తిరిగి వచ్చేటప్పుడు 300 వాలెట్‌కు, 2,199 ఖాతాకు వెళుతుంది. వీళ్లేమో స్టేట్‌మెంట్‌లో 2,499 కోసం వెతుకుతూ ఉంటారు.

రీఫండ్ ఎక్కడికి కావాలని యాప్ అడిగినప్పుడు కూడా ఆగి చదవండి. వాలెట్ లేదా స్టోర్ బ్యాలెన్స్ ఎంచుకుంటే వెంటనే వస్తుంది నిజమే, కానీ చాలా యాప్‌లలో ఆ డబ్బుతో అక్కడే కొనుక్కోవాలి, ఖాతాకు మళ్లించుకోలేరు. మీరు ఒప్పుకోకపోతే కట్టిన దారిలోనే డబ్బు తిరిగి రావాలన్నది పేమెంట్ గేట్‌వేలకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన.

## 4. రోజులు లెక్కపెట్టే పద్ధతి

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు సంగతి. కొరియర్ కుర్రాడు డబ్బా పట్టుకెళ్లిన రోజు నుంచి కాదు. వస్తువు గోడౌన్‌కు చేరి, చెక్ చేసి, యాప్‌లో `Refund initiated` అని పడిన తేదీ నుంచి. పికప్‌కూ దీనికీ మధ్య రెండు రోజులు పట్టవచ్చు, వారం కూడా పట్టవచ్చు.

ఆ తేదీ తర్వాత మామూలుగా పట్టే సమయం ఇలా ఉంటుంది. ఇది అనుభవం మీద చెప్పే లెక్క, చట్టం పెట్టిన గడువు కాదు.

- వాలెట్, స్టోర్ బ్యాలెన్స్: కొన్ని గంటల్లో
- యూపీఐ: 1 నుంచి 4 పనిదినాలు
- క్రెడిట్ కార్డు: 3 నుంచి 7 పనిదినాలు
- డెబిట్ కార్డు: 5 నుంచి 7, ఒక్కోసారి 10 పనిదినాలు
- నెట్ బ్యాంకింగ్: 5 నుంచి 10 పనిదినాలు
- క్యాష్ ఆన్ డెలివరీ అయితే మీరిచ్చిన ఖాతాకు: 2 నుంచి 5 పనిదినాలు

పనిదినాలంటే ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం, బ్యాంకు సెలవులు తీసేయాలి. సంక్రాంతి, దసరా వారాల్లో ఏడు పనిదినాలు పన్నెండు రోజులైనా అవుతాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

`Refund completed` అన్న మాటను కూడా సరిగా అర్థం చేసుకోండి. ఆ మాటకు అర్థం మేం పంపేశాం అని, మీ ఖాతాలో పడింది అని కాదు.

## 5. వచ్చిందో లేదో సరిగ్గా వెతకడం

మెసేజ్ రాలేదు కాబట్టి డబ్బు రాలేదని అనుకోకండి. స్టేట్‌మెంట్ తెరిచి, షాపు పేరుతో కాకుండా మొత్తంతో వెతకండి. చాలాసార్లు జమ ఎదురుగా షాపు పేరు ఉండదు, పేమెంట్ గేట్‌వే పేరో, ఏదో పొడి అక్షరాలో ఉంటాయి. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో అయితే మొత్తం పక్కన `CR` అని ఉంటుంది. యూపీఐతో కట్టినవాళ్లు యూపీఐ యాప్ హిస్టరీని నమ్ముకోవద్దు, రీఫండ్ అక్కడ కనబడకపోయినా ఖాతాలో పడి ఉండొచ్చు.

ఆర్డర్ చేసిన గంటల్లోనే క్యాన్సిల్ చేసి ఉంటే ఇంకో మెలిక ఉంది. కార్డు లావాదేవీ ఇంకా సెటిల్ కాకముందే రద్దయితే కొత్తగా జమ ఏదీ పడదు, ఆపి ఉంచిన మొత్తాన్ని వదిలేస్తారు, పాత డెబిట్ ఎంట్రీయే మాయమవుతుంది. అలాంటప్పుడు జమ కోసం వెతక్కండి, క్రెడిట్ కార్డు అయితే లిమిట్ తిరిగి పెరిగిందా చూడండి.

## 6. ఏఆర్‌ఎన్ అడగండి, వేరే నంబరు ఇస్తే ఒప్పుకోకండి

కార్డుకు వచ్చే ప్రతి రీఫండ్‌కూ 23 అంకెల నంబరు ఒకటి ఉంటుంది, దాన్నే ఏఆర్‌ఎన్ అంటారు. అమ్మినవాళ్ల బ్యాంకు నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ దాటుకుని మన బ్యాంకు దాకా అదే నంబరుతో ప్రయాణిస్తుంది. బ్యాంకు దగ్గర పనికొచ్చేది ఇదే. యూపీఐకి దీని బదులు 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ ఉంటుంది, ఖాతాకు నెఫ్ట్ చేస్తే యూటీఆర్ నంబరు ఉంటుంది.

కస్టమర్ కేర్ చాట్‌లో అడిగితే ముందు రీఫండ్ ఐడీ అని ఒకటి ఇస్తారు. అది వాళ్ల సొంత నంబరు, బ్యాంకులో ఎవరికీ అర్థం కాదు. ‘నాకు 23 అంకెల ఏఆర్‌ఎన్ కావాలి, రీఫండ్ పంపిన తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలతో సహా మెయిల్ చేయండి’ అని రాయండి. నంబరు ఇవ్వలేకపోతున్నారంటే చాలావరకు డబ్బు ఇంకా వాళ్ల వైపు నుంచి కదల్లేదనే అర్థం. అప్పుడు మీ పోరాటం బ్యాంకుతో కాదు, వాళ్లతోనే.

## 7. మా బావగారి మిక్సీ కథ, తేదీలతో సహా

2025 జూన్‌లో విజయవాడలో ఉండే మా బావగారు 4,299 రూపాయల మిక్సీ తిరిగి ఇచ్చారు. జార్ మూత దగ్గర పగులు ఉంది. 9వ తేదీన పికప్, 13న `Refund initiated`, అదే సాయంత్రం `Refund completed`. కట్టింది డెబిట్ కార్డుతో.

18వ తేదీకే ఫోన్ చేశారు, ‘బ్యాంకుకు వెళ్లి అడుగుతాను’ అని. ‘ఆగండి బావగారూ, 14 రెండో శనివారం, 15 ఆదివారం. 16 నుంచి లెక్కపెడితే ఇవాళ మూడో రోజే’ అన్నాను. ఏడో పనిదినం 23న వచ్చింది. అప్పటికీ పడలేదు. 24న చాట్‌లో ఏఆర్‌ఎన్ అడిగితే మొదట రీఫండ్ ఐడీయే ఇచ్చారు, మళ్లీ గట్టిగా అడిగాక 25న అసలు నంబరు మెయిల్‌లో వచ్చింది.

ఆ నంబరుతో అదే రోజు బ్యాంకు కార్డు విభాగానికి మెయిల్ పెట్టించాను. 30న జవాబొచ్చింది. జరిగిందేమిటంటే, మిక్సీ కొన్నాక ఆయన కార్డు పోగొట్టుకుని బ్లాక్ చేయించి కొత్తది తీసుకున్నారు. రీఫండ్ పాత కార్డు నంబరు మీద వచ్చింది, బ్లాక్ అయిన కార్డు కాబట్టి బ్యాంకు సిస్టం దాన్ని ఖాతాలో వేయకుండా పక్కన పెట్టింది. జూలై 1న చేత్తో పోస్ట్ చేశారు.

మామూలుగా కార్డు మారినా వెనక ఖాతా అదే కాబట్టి డబ్బు దానంతటదే పడిపోతుంది. పడకపోతే మాత్రం ఏఆర్‌ఎన్ లేకుండా దాన్ని పట్టుకోవడం కష్టం. ఖాతాయే మూసేసి ఉంటే అడగాల్సింది ఆ పాత బ్యాంకునే, కొత్త బ్యాంకును కాదు.

## 8. క్రెడిట్ కార్డు వాళ్లు ఇది తప్పక చదవండి

రీఫండ్ వస్తోంది కదా అని ఆ మొత్తం తగ్గించి బిల్లు కట్టకండి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

బిల్లు 12,450 వచ్చింది, అందులో 3,200 తిరిగి ఇచ్చేసిన బూట్లవి, చివరి తేదీ 5 అనుకుందాం. మీరు 9,250 మాత్రం కట్టి, రీఫండ్ 7న వస్తే, మీరు పూర్తి బిల్లు కట్టనట్టే లెక్క, వడ్డీ పడుతుంది. 5వ తేదీకి ముందే రీఫండ్ పడి, మీరింకా కట్టకపోతే మాత్రం ఆ మొత్తాన్ని బ్యాంకు వెంటనే కట్టాల్సినదాంట్లోంచి తగ్గించాలి, 2022లో వచ్చిన కార్డు నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. అయినా కట్టే ముందు యాప్‌లో బాకీ నిజంగా తగ్గిందో లేదో చూసుకోండి.

పూర్తి బిల్లు కట్టేశాక రీఫండ్ వస్తే ఆ డబ్బు కార్డులో మిగులుగా ఉంటుంది, తర్వాతి బిల్లులో సర్దుబాటవుతుంది. అలా వద్దనుకుంటే నా ఖాతాకు పంపండి అని అడగండి, అడిగిన 3 పనిదినాల్లో పంపాలి.

ఈఎమ్ఐ మీద కొన్న వస్తువు అయితే రీఫండ్ పడ్డంత మాత్రాన ఈఎమ్ఐ ఆగిపోయిందని అనుకోకండి. బ్యాంకుకు ఫోన్ చేసి ఈఎమ్ఐ రద్దయిందా అని విడిగా అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీది జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు.

## 9. బ్యాంకు దగ్గరికి ఎప్పుడు, ఎలా

ఈ మూడింట్లో ఏదో ఒకటి నిజమైతే వెళ్లండి:

- ఫెయిలైన లావాదేవీకి 5 రోజులు దాటింది.
- ఏఆర్‌ఎన్ లేదా ఆర్‌ఆర్‌ఎన్ చేతిలో ఉంది, పంపిన తేదీ నుంచి 7 పనిదినాలు (నెట్ బ్యాంకింగ్‌కు 10) దాటాయి.
- వస్తువు తిరిగి తీసుకున్నామని, డబ్బు ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుని, అమ్మినవాళ్లు ఇవ్వడం లేదు.

మూడోదానికి బ్యాంకులో డిస్ప్యూట్ వేయాలి, దాన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. పికప్ రసీదు, రీఫండ్ ఇస్తామన్న మెసేజ్ జతచేయాలి. వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. ‘ఇంకో వారం, ఇంకో వారం’ అని అమ్మినవాళ్లు చెప్తుంటే నమ్ముకుని కూర్చున్నవాళ్లు ఈ గడువు పోగొట్టుకుంటారు, కాబట్టి నెల దాటకముందే వేసేయండి. డిస్ప్యూట్ నడుస్తుండగా అమ్మినవాళ్లే డబ్బు వేస్తే బ్యాంకుకు చెప్పండి, రెండుసార్లు పడినది తర్వాత ఎలాగూ వెనక్కి తీసుకుంటారు.

ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. మెయిల్ గానీ, యాప్‌లో ఫిర్యాదు గానీ పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోండి. రాయాల్సింది ఇంతే:

> నా ఖాతా/కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. ఫలానా తేదీన ఇంత మొత్తంతో కొన్నాను. దాని రీఫండ్ ఫలానా తేదీన ఈ ఏఆర్‌ఎన్‌తో పంపినట్టు అమ్మినవాళ్లు రాసిచ్చారు, ఆ మెయిల్ జతచేస్తున్నాను. ఇవాళ్టికి ఇన్ని పనిదినాలైంది, ఖాతాలో పడలేదు. ఈ నంబరుతో వెతికి, డబ్బు ఎక్కడుందో రాతపూర్వకంగా తెలపండి.

ఆ ఆఖరి వాక్యం వదిలేయకండి. మాకు రాలేదు అని బ్యాంకు రాసిచ్చినా అది పనికొచ్చే కాగితమే, దాన్ని పట్టుకుని అమ్మినవాళ్లను నిలదీయవచ్చు.

## 10. అక్కడా పని కాకపోతే

తప్పు బ్యాంకుదైతే, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సమాచారం కోసం 14448 నంబరు ఉంది. బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకుండా ఇక్కడికి వస్తే తీసుకోరు.

తప్పు అమ్మినవాళ్లదైతే అంబుడ్స్‌మన్ ఏమీ చేయలేరు. ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎవరికి ఫోన్ చేసినా నంబరు మాత్రం యాప్‌లోంచో, కార్డు వెనక నుంచో తీసుకోండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి దొరికిన నంబరుకు చేస్తే ఎక్కువగా తగిలేది మోసగాళ్లే. రీఫండ్ పంపుతాం, యూపీఐ పిన్ కొట్టండి, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి అన్నారంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున కొట్టేసి డబ్బు పోతే ఒక్క నిమిషం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, వెంటనే బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి.